పిల్లల కథలో అమ్మమ్మ, మనవరాలు లెక్కపెట్టిన చుక్కలు: ఇంతకీ ఎన్ని?

వాల్తేరు_వాణి
పిల్లల కోసం ఒక కథ రాశాను. హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేని రాత్రి, పెదవాల్తేరులో మా డాబా మీద అమ్మమ్మ, మనవరాలు చుక్కలు లెక్కపెడతారు. అమ్మమ్మ అంటే మా అమ్మ, మనవరాలు మా అమ్మాయి. అప్పటికి దానికి ఏడేళ్లు. చివరి భాగం ఇది:

"నిండు చందమామ వెలుగులో అమ్మమ్మ ఉత్తరం వైపు చెయ్యి చాచింది. 'అదిగో తల్లీ, సప్తర్షులు' అంది. బుజ్జి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... వెయ్యి, రెండు వేలు, లక్ష. లెక్కపెడుతూ పెడుతూ అమ్మమ్మ ఒళ్లో నిద్రపోయింది."

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు పిల్లలకు చదివి వినిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక బాబు మాత్రం చెయ్యెత్తి "ఇంతకీ ఎన్ని వచ్చాయి ఆంటీ?" అని అడిగాడు. "చాలా వచ్చాయి" అన్నాను. "చాలా అంటే లెక్క కాదు కదా" అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట వదలడం లేదు. ఈ కథకు ఒక అంకె కావాలి, నిజమైన అంకె. ఎలా తెచ్చుకోవాలి?

గోపాలపట్నం_రమణ
మా వీధిలోనూ వారంలో రెండుసార్లు పోతోందండీ. ఫిర్యాదు చేస్తే చెట్టు కొమ్మలు కొట్టాలంటారు. ఇన్వర్టరు పెట్టించుకోవడమే దారి.

వాల్తేరు_వాణి
రమణగారూ, ఇది కరెంటు గురించి కాదండీ, కథ గురించి.

గోపాలపట్నం_రమణ
అయ్యో, కరెంటు లేని రాత్రి అన్న మాట చూసి కరెంటు లేని రోజులు లెక్కపెడుతున్నారనుకున్నాను. సరే, చదువుతూ ఉంటాను.

కథలపెట్టె
అంకె ఎందుకండీ? నిద్రపోవడమే ఈ కథకు ముగింపు. పిల్లవాడు అడిగాడని కథను గణితం పుస్తకం చేస్తారా? ఇరవై ఏళ్లుగా పిల్లల కథలు దిద్దుతున్నాను. పాఠం దూర్చిన కథను పిల్లలు రెండో పేజీలోనే పసిగట్టి పక్కన పెట్టేస్తారు.

చుక్కలపిచ్చి
అంకె సంగతి తర్వాత చూద్దాం. అంతకుముందే రెండు తప్పులు ఉన్నాయి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, ఆదివారం తీరం దాటింది. పౌర్ణమి 8వ తేదీనే అయిపోయింది, ఆ రోజు చంద్రగ్రహణం కూడా. కాబట్టి తుఫాను తర్వాతి రాత్రుల్లో నిండు చందమామ లేడు. ఉన్నా మీ కథకు నష్టమే, నిండు వెన్నెల్లో సన్న చుక్కలన్నీ మునిగిపోతాయి.

రెండోది సప్తర్షులు. అక్టోబరులో రాత్రి ఏడెనిమిది గంటలకు విశాఖలో అవి కనిపించవు. ఉత్తర దిక్కున నేల కింద ఉంటాయి.

గాజువాక_గౌరి
సప్తర్షులు ధ్రువుడి చుట్టూ తిరుగుతాయి, ఎప్పటికీ అస్తమించవు అని చిన్నప్పుడు చదివాను. నేల కిందికి ఎలా వెళతాయి?

చుక్కలపిచ్చి
గౌరిగారూ, మీరు చదివినది ఇంగ్లండులో నిజం. అక్కడ ధ్రువుడు ఎత్తుగా ఉంటాడు. మనకు 18 డిగ్రీల లోపే. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి ఒకదానిపై ఒకటిగా రెండు పిడికిళ్లు పెడితే ధ్రువుణ్ని దాటిపోతారు, అంత కిందికి ఉంటాడు మనకు. సప్తర్షుల్లో ధ్రువుడికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న చుక్క కూడా 28 డిగ్రీల దూరంలో తిరుగుతుంది. 18 ఎత్తున మేకు కొట్టి 28 పొడవున్న తాడుతో గేదెను కట్టినట్టు. కిందికి వచ్చినప్పుడు నేలలోకి పోక తప్పదు.

సప్తర్షులే కావాలంటే కథను ఏప్రిల్, మే నెలలకు మార్చండి. ఎండాకాలం కరెంటు కోతలు ఎలాగూ ఉంటాయి. రాత్రి ఎనిమిదిన్నరకు ఉత్తరాన నిలువెత్తున ఉంటాయి. వసిష్ఠుడి పక్కన అరుంధతిని కూడా చూపించవచ్చు.

వాల్తేరు_వాణి
లేదు, హుద్‌హుద్ మార్చను. ఆ రాత్రి నాకు బాగా గుర్తు. బుధవారం, 15వ తేదీ. వీధంతా కూలిన చెట్లు, ఆకులు కుళ్లిన వాసన. ఇంట్లో ఉక్క భరించలేక చాప తీసుకుని మేడెక్కాం. ఊరు ఊరంతా చీకటి. మా అమ్మాయి ఆకాశం చూసి భయపడి, నా చీర కొంగు పట్టుకుని "ఇవన్నీ ఎప్పుడు వచ్చాయి?" అని అడిగింది. మరి సప్తర్షులు లేకపోతే మా అమ్మ ఏం చూపించినట్టు? నేనే కల్పించుకున్నానేమో.

గాజువాక_గౌరి
మా ఇంట్లో పన్నెండో తేదీ రాత్రే చూశాం, వేలకు వేలు.

చుక్కలపిచ్చి
పన్నెండో తేదీ రాత్రి ఇంకా మబ్బు, గాలి ఉండాలి కదండీ? తర్వాతి రోజుల్లో చూసి ఉంటారు. మీ జ్ఞాపకాన్ని కాదనడం లేదు, తేదీ ఒక్కటే అడుగుతున్నాను.

గాజువాక_గౌరి
కావచ్చు. ఆ రోజుల్లో ఏ రోజు ఏదో ఎవరికి తెలుసు. రేకుల కప్పు ఎగిరిపోయింది మాకు. మంచం మీద పడుకుంటే ఆకాశమే కనిపించేది.

చుక్కలపిచ్చి
వాణిగారూ, 15వ తేదీ అంటే మీ అదృష్టం. బహుళ అష్టమి. చంద్రుడు రాత్రి పదకొండు దాటాక గాని రాడు, ఏడు నుంచి పదకొండు దాకా మంచి చీకటి. ఏడున్నరకు నడినెత్తికి కాస్త పడమరగా శ్రవణం, ఇంకా పడమరకు అభిజిత్. నైరుతిలో జ్యేష్ఠ ఎర్రగా, కిందికి దిగిపోతూ ఉంటుంది. ఎనిమిది దాటాక సముద్రం మీద కృత్తికలు పైకి వస్తాయి. మీ అమ్మగారు చూపించింది కృత్తికలే అయి ఉండవచ్చు.

అరకు_అప్పారావు
కృత్తికలను మా మామ్మ పిల్లలకోడి అనేది. కోడి, చుట్టూ పిల్లలు. వెన్ను నేలకు ఆనించి పడుకుని "కోడి గూట్లోంచి వచ్చింది, ఇక చలి మొదలు" అనేది. సప్తర్షుల్లో నాలుగు మంచం కోళ్లు, తోకలో మూడు దొంగలు. మంచం ఎత్తుకుపోతున్నారట.

వాల్తేరు_వాణి
పిల్లలకోడి! అప్పారావుగారూ, మా అమ్మ అన్న మాట అదే. "కోడి వచ్చింది" అంది. నేను నిజం కోడి అనుకుని పిట్టగోడ అవతలికి చూశాను. పన్నెండేళ్లుగా మరిచిపోయిన మాటను ఒక్క వాక్యంతో తిరిగి ఇచ్చారు.

అరకు_అప్పారావు
శ్రవణం దగ్గర వరసగా మూడు ఉంటాయి, వాటిని గొల్లకావడి అంటారు. నడుమ గొల్లవాడు, అటూ ఇటూ కుండలు.

లెక్కలమాస్టారు_అనకాపల్లి
మా వైపు గొల్లకావడి అంటే చలికాలంలో వచ్చే మూడు చుక్కలు, మృగశిర కిందివి. శ్రవణం కాదు.

అరకు_అప్పారావు
మాకు శ్రవణమే మాస్టారూ. మా మామ్మ చూపించిన చోటు నేను మరిచిపోను.

లెక్కలమాస్టారు_అనకాపల్లి
మా నాయనమ్మ కూడా చూపించింది మరి. సరే, రెండు ఊళ్లకు రెండు కావళ్లు. వాణిగారి అంకె దగ్గరికి వద్దాం. ఆ పిల్లవాడు మంచి ప్రశ్న అడిగాడు, దానికి మంచి జవాబు ఉంది.

ఒక్కొక్కటిగా లెక్కపెడితే కుదరదు. వంద దాటగానే ఏది లెక్కపెట్టామో, ఏది లేదో గుర్తుండదు. బియ్యం బస్తాలో గింజలెన్నో తెలియాలంటే ఏం చేస్తాం? ఒక గిద్దెడు లెక్కపెట్టి, బస్తాలో ఎన్ని గిద్దెలో చూసి హెచ్చిస్తాం. ఆకాశానికి గిద్దె కావాలి. మీ అమ్మగారి చేతి గాజు పెట్టుకోవచ్చు గాని అది మరీ చిన్నది, చెయ్యి చాచి చూస్తే ఒకసారి ఒకటి, ఒకసారి సున్నా వస్తుంది. అలాంటి అంకెను వందలతో హెచ్చిస్తే తప్పు కూడా వందల రెట్లు పెరుగుతుంది. వల ఊడిపోయిన పాత జల్లెడ ఉందా? దాని చట్రం సరిగ్గా సరిపోతుంది.

జల్లెడ అడ్డంగా 30 సెంటీమీటర్లు అనుకోండి. కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నారు. మీ కన్ను నడుమ ఉండేలా 60 సెంటీమీటర్ల ఎత్తు గుమ్మటం ఒకటి మీ మీద బోర్లించారనుకోండి, దాని లోపలి వైశాల్యం 22,600 చదరపు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. జల్లెడ నోరు 707. భాగిస్తే 32. అంటే ఆకాశంలో 32 జల్లెడలు పడతాయి. పది చోట్ల పట్టి, ఒక్కో చోట కనిపించినవి లెక్కపెట్టి, సగటు తీసి 32తో హెచ్చించండి. అంతే.

కథలపెట్టె
చూశారా, బియ్యం బస్తా వచ్చేసింది. గుమ్మటం వైశాల్యం వచ్చేసింది. ఇక బుజ్జి ఎక్కడ?

లెక్కలమాస్టారు_అనకాపల్లి
బుజ్జి ఇక్కడే ఉంది అమ్మా. ఆమె చెయ్యి చిన్నది కదా? జల్లెడను 45 సెంటీమీటర్ల దూరంలోనే పట్టుకోగలదు. అప్పుడు జల్లెడలో ఎక్కువ ఆకాశం పడుతుంది. ఒకే చోట పట్టినా అమ్మమ్మకు 22 చుక్కలు వస్తే బుజ్జికి 38 వస్తాయి. ఇద్దరూ పోట్లాడుకుంటారు. "నీకు చూపు ఆనడం లేదు అమ్మమ్మా" అని ఒకరు, "నువ్వు ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టావు" అని ఇంకొకరు. తీరా చూస్తే బుజ్జి దూరానికి ఆకాశమంతా 18 జల్లెడలే. 22ను 32తో హెచ్చిస్తే 704. 38ను 18తో హెచ్చిస్తే 684. రెండూ ఏడు వందల దగ్గరే. ఇద్దరిదీ ఒప్పే. ఇది పాఠమా, కథా? మీరే చెప్పండి.

కథలపెట్టె
...పోట్లాట బాగుంది. ఒప్పుకుంటున్నాను. హెచ్చింపు మాత్రం కథలోకి రానివ్వకండి, పోట్లాట చాలు.

చుక్కలపిచ్చి
మాస్టారూ, జల్లెడ చదును, ఆకాశం గిన్నె. కచ్చితంగా లెక్కిస్తే 32 కాదు 33న్నర, 18 కాదు 19న్నర.

లెక్కలమాస్టారు_అనకాపల్లి
తెలుసు నాయనా. ఏడేళ్ల పిల్లకు కొసైను చెప్పమంటారా? చుక్కల లెక్కలోనే పాతిక ముప్పై అటూ ఇటూ అవుతాయి, ఆ ఒకటిన్నర పోతే పోనివ్వండి.

వాల్తేరు_వాణి
ఒక చిక్కు. అమ్మకు అప్పటికే రెండు కళ్లకూ శుక్లాలు. ఆపరేషను ఆ మరుసటి ఏడాది జరిగింది. పెద్ద చుక్కలు తప్ప ఆమెకు కనిపించేవి కావు. 22 ఎలా లెక్కపెడుతుంది? ఈ పోట్లాట నాకు చాలా నచ్చింది గాని ఆమె విషయంలో అబద్ధం రాయలేను.

అరకు_అప్పారావు
కనిపించకుండానే "కోడి వచ్చింది" అన్నారా?

వాల్తేరు_వాణి
అవును. ఇప్పుడు ఆలోచిస్తే అదే కదా. ఆమెకు వేళ తెలుసు, దిక్కు తెలుసు. ఆ గుంపు కనిపించి ఉండదు. చూపించమని మా అమ్మాయిని అడిగింది. "ఉందా? ఎన్ని పిల్లలు?" అని.

చుక్కలపిచ్చి
వాణిగారూ, మీ కథ ఇదే. ఇంకేమీ వెతకకండి.

లెక్కలమాస్టారు_అనకాపల్లి
అయితే రెండు లెక్కలూ పాపే చెయ్యాలి. అమ్మమ్మ కూర్చుని జల్లెడ ఎత్తి పట్టుకుంటుంది, పాప ఆమె ఒళ్లో తల పెట్టుకుని చూస్తుంది. అది దూరం జల్లెడ. తర్వాత తనే పట్టుకుని చూస్తుంది, అది దగ్గర జల్లెడ. ఒకే కళ్లు, రెండు అంకెలు. పోట్లాట పాపకూ జల్లెడకూ మధ్య. ఒక పురికొస ముక్కను జల్లెడకు కట్టి, రెండో కొస పాప చెంపకు ఆనిస్తే దూరం మారదు.

గాజువాక_గౌరి
మా ఇంట్లో చుక్కలు లెక్కపెడితే పులిపిర్లు వస్తాయని వేలు చూపించనిచ్చేవారు కాదు. జల్లెడతో అయితే వేలు చూపించనక్కరలేదు, ఇది మేలు.

చుక్కలపిచ్చి
ఒక్క జాగ్రత్త. మేడెక్కిన వెంటనే లెక్కపెట్టకూడదు. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. మధ్యలో ఎవరైనా ఫోను తెర వెలిగించారా, మళ్లీ మొదటి నుంచి. కొవ్వొత్తి కూడా వద్దు. కృత్తికలను చూసేటప్పుడు వాటి వైపు సూటిగా కాకుండా కొంచెం పక్కకు చూస్తే ఇంకా బాగా కనిపిస్తాయి. మామూలుగా ఆరు తెలుస్తాయి.

కథలపెట్టె
పక్కకు చూస్తే బాగా కనిపిస్తుందా? ఇది నాకు తెలియదు. ఈ మాట కథలో ఉండాలి. పిల్లలు ఆ రాత్రే మేడెక్కి చూస్తారు.

గోపాలపట్నం_రమణ
నాదొక ప్రశ్న. మా వీధిలో పోయినప్పుడు కూడా ఏడు వందలు కనిపిస్తాయా?

చుక్కలపిచ్చి
కనిపించవు రమణగారూ. మీ వీధి ఒక్కటే ఆరిపోతే చుట్టూ ఊరు వెలుగుతూనే ఉంటుంది. పోర్టు, ఉక్కు కర్మాగారం, రహదారి దీపాలు, ఈ వెలుగంతా గాలిలోని తేమకూ దుమ్ముకూ తగిలి ఆకాశాన్ని తెల్లబరుస్తుంది. మీ వీధి దీపం కంట్లో పడకపోవడం ఒక్కటే లాభం. హుద్‌హుద్ అప్పుడు ఊరంతా ఒకేసారి ఆరిపోయింది, అందుకే అంత తేడా. అరకు వైపు చీకటి కొండల్లో అయితే ఒక్కసారికి రెండు వేలు దాటుతాయి. లక్ష మాత్రం కంటికి ఎక్కడా కనిపించవు వాణిగారూ, ఆ లక్ష తీసేయండి.

వాల్తేరు_వాణి
తీసేశాను. ఇంకో సంగతి. మా వీధికి కరెంటు ఎనిమిది రోజులకు వచ్చింది, అంటే 20వ తేదీ. ఆ రాత్రి కూడా మేడెక్కాం. కథలో ఆ రోజు లెక్క కూడా వేస్తే?

చుక్కలపిచ్చి
బాగా కుదురుతుంది. 20న చంద్రుడు తెల్లవారుజామున గాని రాడు, సాయంత్రం చీకటే. ఐదు రోజుల్లో ఆకాశం మారేది కూడా కొంచెమే. మారింది దీపాలు ఒక్కటే.

వాల్తేరు_వాణి
నిన్న రాత్రంతా కూర్చుని తిరగరాశాను. చూడండి:

"వల ఊడిన జల్లెడను అమ్మమ్మ రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. బుజ్జి ఆమె ఒళ్లో తల పెట్టుకుని లోపలికి చూసింది.
'ఎన్ని?'
'ఇరవై రెండు.'
'ఈసారి నువ్వు పట్టుకో.'
బుజ్జి పట్టుకుంది. 'ముప్పై ఎనిమిది! అమ్మమ్మా, నీ జల్లెడ మంచిది కాదు. నా జల్లెడలోనే ఎక్కువ పడుతున్నాయి.'
'జల్లెడ ఒకటే కదే.'
బుజ్జి జల్లెడను దగ్గరికి లాక్కుంది, దూరంగా జరిపింది. దగ్గరికి తెస్తే చుక్కలు బిలబిలా లోపలికి వచ్చేవి. దూరం జరిపితే అంచు దాటి బయటికి పోయేవి.
పది చోట్ల పట్టారు. నడినెత్తిన 38 నుంచి నేల అంచున 11 దాకా వచ్చాయి, అన్నీ అమ్మమ్మ ఎత్తి పట్టినప్పుడే. అమ్మమ్మ చేతులు నొప్పి పుట్టాయి. పిట్టగోడ మీద బొగ్గుతో గీతలు గీశారు. మొత్తం 231 గీతలు.
అప్పుడు అమ్మమ్మ సముద్రం వైపు ముఖం తిప్పింది. 'కోడి వచ్చి ఉండాలే. ఉందా?'
బుజ్జి చూసింది. నీళ్ల మీద సన్నని పొగలాంటిది ఏదో ఉంది. 'పొగ ఉంది.'
'కొంచెం పక్కకు చూడు.'
బుజ్జి పక్కకు చూసింది. పొగ విడిపోయింది. 'ఆరు పిల్లలు, అమ్మమ్మా!'
'అందరూ వచ్చారన్నమాట' అంది అమ్మమ్మ. ఆమె కోడి ఉన్న చోటికి కాక ఇంకా కొంచెం ఎడమకు చూస్తోంది. బుజ్జి ఆమె గడ్డం పట్టుకుని మెల్లగా కుడివైపుకు తిప్పింది."

లెక్కలమాస్టారు_అనకాపల్లి
231ని పదితో భాగించి 32తో హెచ్చిస్తే 739. ఆ పిల్లవాడితో "ఏడు వందల నలభై దాకా" అని చెప్పండి. 38 నుంచి 11 దాకా ఉండడం కూడా సరైనదే, నేల అంచున ఆవిరి ఎక్కువ కాబట్టి తక్కువే వస్తాయి. తలపైన ఒక్క చోటే చూసి హెచ్చించి ఉంటే పన్నెండు వందలు దాటేది.

కథలపెట్టె
ఆ చివరి వాక్యం ముట్టుకోకండి. బుజ్జి రెండుసార్లు చెప్పిన "జల్లెడ" మాటల్లో ఒకటి తీసేయండి. 20వ తేదీ భాగం?

వాల్తేరు_వాణి
చిన్నదే. "కరెంటు వచ్చిన రాత్రి మళ్లీ పట్టారు. జల్లెడకు ఐదు. బొగ్గు గీతలు పక్కనే ఉన్నాయి. బుజ్జి అమ్మమ్మను అడిగింది, 'మిగతావి మన దీపాలకు భయపడ్డాయా?'" ఇక్కడ అమ్మమ్మ ఏం చెబుతుందో ఇంకా తేలలేదు.

అరకు_అప్పారావు
ఏమీ చెప్పనివ్వకండి. వీధి దీపం మీద చీర కట్టేద్దామని పాపే అంటుంది, చూడండి.

కథలపెట్టె
నాకు జవాబు కావాలనే అనిపిస్తోంది. అడిగిన పిల్లను ఊరికే వదలకూడదు.

గోపాలపట్నం_రమణ
ఇందాక ఎనిమిదింటికి మా వీధిలో పోయింది. పిండి జల్లెడ వల ఊడదీశాను (ఇంట్లో ఇంకా చెప్పలేదు), మా పాపను తీసుకుని మేడెక్కాను. దీపాలు ఉన్నప్పుడు నిన్న చూస్తే జల్లెడకు 4. ఈరోజు చీకట్లో 6. చుక్కలపిచ్చిగారు చెప్పినట్టే, పెద్దగా పెరగలేదు. ఎదురింటి ఇన్వర్టరు దీపం సూటిగా కళ్లలో పడుతోంది. రేపు వాళ్లింటికి వెళ్లి ఓ అరగంట ఆర్పమని అడుగుదామంటోంది మా పాప. ఏమని అడగాలో చెప్పండి.